షీటు పచ్చగా ఉంది, కొండ కదులుతోంది: ఒక ఘాట్ రోడ్డు సొరంగంలో 28వ సెక్షన్ కథ

విజయనగరం వైపు తూర్పు కనుమల్లో కట్టిన ఒక రోడ్డు సొరంగంలో జరిగిన సంగతి ఇది. సొరంగం పేరు, కంపెనీల పేర్లు, సొరంగంలో చోటు చెప్పే చైనేజీ, సంవత్సరం తీసేశాను. తేదీల బదులు రోజుల లెక్క ఇచ్చాను. తవ్వాక పైకప్పు, గోడలు ఎంత కదిలాయో చెప్పే కన్వర్జెన్స్ రీడింగుల బాధ్యత ఆ సైట్లో నాది. ఏ రీడింగుకు ఏ రంగు, ఏ రంగుకు ఏ పని అని చెప్పే ట్రిగ్గర్ షీటు తయారు చేసిందీ నేనే. కాబట్టి కింద తప్పు అని రాసిన ప్రతిచోటా నా వాటా ఉంది.

కొండ సంగతి

ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్. ఖోండ్ గిరిజనుల పేరు మీదే ఈ రాయికి ఆ పేరు వచ్చింది. తాజాగా ఉంటే గట్టి రాయే, డ్రిల్లు బిట్లు అరిగిపోతాయి. కానీ ఇందులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఎక్కువ. యుగాలుగా వాన నీళ్లు దిగిన చోట ఆ ఫెల్డ్‌స్పార్ తెల్లమట్టిగా మారిపోతుంది. పది అడుగులు మంచి రాయి, మధ్యలో జానెడు తెల్లమట్టి పొర, మళ్లీ మంచి రాయి. ఫేస్ మీద, అంటే సొరంగం చివర తవ్వుతున్న రాతిగోడ మీద, చూస్తే ఆ పొర ఒక సున్నపు గీతలా కనిపిస్తుంది. పొడిగా ఉన్నంతకాలం దాని గొడవ ఉండదు. తడిస్తే పైనున్న రాతిపలకకు అది సబ్బు రాసిన నాపరాయి అవుతుంది.

సొరంగం వెడల్పు సుమారు 12 మీటర్లు. ముందు పైభాగం, అంటే హెడింగ్, తవ్వుకుంటూ పోయి, కింది భాగం, అంటే బెంచ్, తర్వాత తవ్వే పద్ధతి. ఒక్కో రౌండుకు, అంటే ఒక్కో పేలుడుకు, 1.2 మీటర్లు, రోజుకు రెండు రౌండ్లు. రౌండు తవ్వగానే షాట్‌క్రీట్ అనే పిచికారీ కాంక్రీటు, ఇనుప మెష్, గర్డర్, రాతిలోకి దిగే 4 మీటర్ల రాక్‌బోల్టులు. ప్రతి 10 మీటర్లకు ఒక మానిటరింగ్ సెక్షన్, అంటే కదలిక కొలిచే చోటు. సెక్షన్‌కు ఐదు టార్గెట్లు: పైకప్పు నడినెత్తిన, అంటే క్రౌన్‌లో ఒకటి, దానికి అటూ ఇటూ వంపు తిరిగే రెండు షోల్డర్లలో రెండు, కింద గోడల్లో రెండు. టోటల్ స్టేషన్ అనే లేజరు సర్వే పరికరంతో రోజూ వాటి స్థానం కొలుస్తాం. దుమ్ము, ఆవిరి, లైట్ల వేడి మధ్య నిజాయితీగా చెప్పాలంటే మా కొలతలో 1 మిల్లీమీటరు అటూ ఇటూ తేడా ఉండేది.

ఈ తరగతి రాయికి డిజైనర్ ఇచ్చిన అంచనా ప్రకారం షోల్డర్ మొత్తం 40 మిల్లీమీటర్లు దిగవచ్చు. దాని మీద మూడు మెట్లు పెట్టాం: 20 దగ్గర పసుపు, 30 దగ్గర నారింజ, 40 దగ్గర ఎరుపు. షీటులో పసుపుకు ఎదురుగా "నిర్ధారించి సమాచారం ఇవ్వాలి", నారింజకు "అదనపు సపోర్టు", ఎరుపుకు "పని ఆపాలి" అని రాసి ఉండేది. ఎవరికి సమాచారం, ఎంతసేపట్లో, అదనపు సపోర్టు ఎక్కడ, ఆపమని చెప్పే అధికారం ఎవరిది అన్నవి లేవు. ఏ4 కాగితం మీద అందంగా పడుతుందని క్లుప్తంగా రాశాను.

మొదటి పొరపాటు మొదటి రోజే

డిజైనర్ చెప్పిన 40కి ఒక షరతు ఉంది. ఫేస్ ఆ సెక్షన్ దాటిన వెంటనే, అంటే తర్వాతి రౌండు పేలకముందే, జీరో రీడింగ్, అంటే తర్వాతివన్నీ దేనితో పోలుస్తామో ఆ మొదటి కొలత, తీసుకోవాలి. ఎందుకంటే రాయి మన కోసం ఆగదు. ఫేస్ ఇంకా రాకముందే కొంత కదులుతుంది, దాన్ని ఎవరూ కొలవలేరు. ఫేస్ దాటిన మొదటి కొన్ని మీటర్లలో ఇంకొంత వేగంగా కదులుతుంది. జీరో ఆలస్యమైతే ఆ కదలిక లెక్కలోకే రాదు.

28వ సెక్షన్ దగ్గర ఫేస్ దాటినప్పుడు ఆ వైపు టోటల్ స్టేషన్ లేదు, సొరంగం అవతలి ముఖద్వారానికి, అంటే రెండో పోర్టల్‌కు వెళ్లింది. పైగా ముందు బిగించిన రెండు టార్గెట్ల మీద షాట్‌క్రీట్ పడింది. వాటిని మళ్లీ బిగించి జీరో తీసేసరికి 41 గంటలయ్యాయి. అప్పటికి ఫేస్ 4 మీటర్లు ముందుకు పోయింది. రిజిస్టరులో ఈ విషయం రాసి ఉంది. కానీ రిజిస్టరులో రాసినది షీటులోని రంగులకు తెలియదు కదా.

పక్కనున్న 27వ సెక్షన్లో జీరో 6 గంటల్లో తీశాం. అక్కడ ఫేస్ 4 మీటర్లు దాటేసరికి ఎడమ షోల్డర్ 9 మిల్లీమీటర్లు దిగింది. రాయి అదే, సపోర్టు అదే. అంటే 28లో కనీసం 9 మిల్లీమీటర్లు మేం చూడకుండానే అయిపోయాయి. షీటులో 11 కనిపించిన రోజునే అసలు కదలిక 20, అంటే పసుపు. ఆ 9 కలపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాకు కూడా 19వ రోజు పొద్దున దాకా రాలేదు.

ఫేస్ ఆగింది, షోల్డర్ ఆగలేదు

మొదటి 13 రోజులు చూడముచ్చటైన గ్రాఫు. 5వ రోజుకు 7, 9వ రోజుకు 12, 13వ రోజుకు 14. ఫేస్ దూరం జరిగే కొద్దీ గీత చదునవుతోంది. ఫేస్ అప్పటికి 31 మీటర్లు ముందుంది, అంటే సొరంగం వెడల్పుకు రెండున్నర రెట్లు. మామూలుగా అక్కడికి కదలిక సద్దుమణగాలి. ఇక వారానికి ఒకసారి కొలిస్తే చాలనుకుంటున్నాం.

13వ రోజు సాయంత్రం వాన పట్టుకుంది. అక్టోబరు నెల, బంగాళాఖాతంలో వాయుగుండం. 2018లో తిత్లీ చూసినవాళ్లకు మా వైపు అక్టోబరు వాన అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పేలుడు సామగ్రి వ్యాను ఘాట్ ఎక్కలేకపోయింది. ఫేస్ పని ఆగిపోయింది.

అక్కడి నుంచి 28వ సెక్షన్ ఎడమ షోల్డర్ ఇలా నడిచింది. రెండో నిలువు వరుస ఆ రోజుల్లో షీటు చూపించినది. మూడో నిలువు వరుస తర్వాత సరిచేసిన లెక్క. అంకెలన్నీ మిల్లీమీటర్లలో కిందికి దిగిన కొలత.

| రోజు | షీటులో | నిజంగా |
|---|---|---|
| 13 | 14 | 23 |
| 15 | 15.5 | 24.5 |
| 16 | 17.5 | 26.5 |
| 17 | 20 | 29 |
| 18 | 24 | 33 |
| 19 | 2.5 | 37.5 |
| 20 | 5 | 40 |
| 22 | 7.5 | 42.5 |
| 26 | 9 | 44 |

19వ రోజు దగ్గర 24 కాస్తా 2.5 అయింది. అది అచ్చుతప్పు కాదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

17వ రోజు తెల్లవారుజామున 2 గంటల రీడింగులో 20 తగిలింది. పసుపు. సర్వేయరు కుర్రాడు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాడు. షీటు ప్రకారం అతని పని అయిపోయింది. గ్రూపులో ఉన్న పెద్దలందరం పొద్దున 9 గంటలకు చూశాం. మధ్యలో 7 గంటలు. ఆ కుర్రాడిని ఒక్క మాట అనడానికి లేదు, "సమాచారం ఇవ్వాలి" అన్నాం, ఇచ్చాడు.

ముందు నమ్మాలా వద్దా

నా మొదటి అనుమానం పరికరం మీదే. పని ఆగడంతో ఫ్యాన్లు ఆపేశారు, లోపల ఆవిరి కమ్ముకుంది, లేజరు వంగుతుంది. కొలతకు ఆధారంగా పెట్టుకున్న రిఫరెన్స్ పాయింట్లు కదిలాయేమో అన్నది రెండో అనుమానం. రెండింటినీ ఒకే పరీక్షతో తేల్చవచ్చు. పరికరం తప్పు చెబితే ఆ సెక్షన్లో ఐదు టార్గెట్లూ కలిసి ఒకే పక్కకు జరిగినట్టు కనిపించాలి. ఇక్కడ కుడి షోల్డర్, కుడి గోడ నాలుగు రోజుల్లో 1 మిల్లీమీటరు కూడా జరగలేదు. ఎడమ షోల్డర్ ఒక్కటే గట్టిగా కదిలింది, క్రౌన్ కొద్దిగా. పోర్టల్ దగ్గర పాత కాంక్రీటు లైనింగులో ఉన్న రిఫరెన్సులతో, స్టేషన్ వేరేచోట పెట్టి మళ్లీ కొలిచాం. అవే అంకెలు. కదలిక నిజమే.

తర్వాత చూడాల్సింది ఎంత కదిలింది అని కాదు, ఎటు కదిలింది అని. ఇది నేను ఆ రోజు సగమే చూశాను. మొదటి 13 రోజుల్లో ఆ టార్గెట్ 14 కిందికి దిగితే 4 లోపలికి జరిగింది. అంటే దాదాపు నిట్టనిలువుగా దిగింది. సొరంగం తవ్వినప్పుడు పైకప్పు మామూలుగా దిగే తీరు అదే. 13 నుంచి 17వ రోజు దాకా మాత్రం 6 కిందికి, 7 లోపలికి. దారి మారింది. 40 డిగ్రీల వాలులో కుడివైపుకు జారుతోంది. ఒక పాయింటు వేగం పెంచితే అదే కారణం ఎక్కువైందని అనుకోవచ్చు. దిశ మార్చుకుంటే మాత్రం కొత్త కారణం వచ్చిందని అర్థం.

జియాలజిస్టు 28వ సెక్షన్ దగ్గర రాతి పొరలు గీసిన ఫేస్ మ్యాప్ తీశారు. ఎడమ నుంచి కుడికి 40 డిగ్రీల వాలుతో ఒక తెల్లమట్టి పొర, హెడింగ్ ఎడమ గోడ అడుగున బయటపడుతోంది. నేను పోల్చి చూసిన కోణం, ఆయన గీసిన కోణం ఒకటే. అప్పుడే ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఉంటే ఒకటిన్నర రోజు కలిసొచ్చేది. ఆయన మ్యాప్ ఆయన ఫైల్లో, నా గ్రాఫు నా లాప్‌టాప్‌లో ఉండిపోయాయి. పెట్టింది 19వ రోజున.

చేసి చెడగొట్టినవి

17వ రోజు మధ్యాహ్నం మీటింగులో కాంట్రాక్టరు మనుషులు, మేం కలిసి నిర్ణయించింది ఇది: క్రౌన్‌లో అదనంగా 4 మీటర్ల బోల్టులు, పగుళ్లు కనిపించిన ఎడమ షోల్డర్ మీద 50 మిల్లీమీటర్ల షాట్‌క్రీట్. నేనూ సరే అన్నాను. పైకప్పు దిగుతోందంటే పైకప్పును కట్టాలి అన్నది చేతికి అలవాటైన ఆలోచన. సామాను కూడా అదే సిద్ధంగా ఉంది.

ఆ బోల్టులు ఎందుకు పనిచేయవో బొమ్మ గీస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. జారుతున్న పలక మట్టిపొరకు పైన ఉంది. పొర ఎడమ గోడ అడుగు నుంచి ఎడమకు, పైకి పోతోంది. క్రౌన్ నుంచి నిట్టనిలువుగా వేసిన బోల్టు ఆ పలకలోకే వెళ్తుంది, పలకలోనే ఆగుతుంది. పొరను దాటదు. జారుతున్న బండిలో ఉన్నవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నట్టు. ఎడమ షోల్డర్ నుంచి అడ్డంగా వేస్తే పొర సుమారు మూడున్నర మీటర్ల లోపల తగులుతుంది. అక్కడ కూడా 4 మీటర్ల బోల్టుకు పొర అవతల పట్టు అరమీటరే.

షాట్‌క్రీట్ ఇంకో రకం పొరపాటు. పగుళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. కారుతున్నచోట మూత పెట్టాం. వెనక నీటికి దారి లేకపోతే ఒత్తిడి పెరుగుతుంది. అదీగాక కొత్త పొర పగుళ్లను కప్పేసింది, ఇక కంటితో చూడడానికి ఏమీ మిగల్లేదు. 17 నుంచి 18కి వేగం రోజుకు 4, షాట్‌క్రీట్ తర్వాత 5. వాన కూడా ఆగలేదు కాబట్టి పెరిగినదంతా షాట్‌క్రీట్ పాపమే అనను. తగ్గించలేదన్నది మాత్రం ఖాయం.

అన్నింటికన్నా పెద్ద తప్పు, షాట్‌క్రీట్ కొట్టేవాళ్లు చూసుకోకపోవడంతో మొదలైంది. 18వ రోజు పొద్దున షాట్‌క్రీట్‌లో ఎడమ షోల్డర్ టార్గెట్ కప్పబడిపోయింది. సాయంత్రం 6 గంటలకు కొత్తది బిగించారు. కొత్త టార్గెట్ కాబట్టి కొత్త జీరో. నా షీటులో ఫార్ములా ప్రస్తుత రీడింగులోంచి జీరో తీసేయడమే. 24 దగ్గర పసుపులో ఉన్న గడి సున్నా అయింది, పచ్చరంగు తిరిగింది. రాత్రి షిఫ్టు ఇంజినీరు పచ్చ చూసి ఊపిరి పీల్చుకున్నాడు. ఫేస్ దగ్గర నీళ్లు తోడుతున్న ఎనిమిది మందిని అక్కడే ఉంచాడు. 28వ సెక్షన్ వాళ్లకు 31 మీటర్లు వెనక, పోర్టల్‌కు పోయే దారిలో ఉంది. అక్కడ ఏదైనా కూలితే ముందున్నవాళ్లకు బయటికి దారి ఉండదు. ఇప్పుడు రాస్తున్నా టెన్షన్‌గానే ఉంది.

స్టీలు గ్లాసు

19వ రోజు పొద్దున 6 గంటల రీడింగుకు నేనే వెళ్లాను. షీటులో 2.5, పచ్చ. తిరిగి వస్తుంటే నీళ్లు తోడే పంపు దగ్గర పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆపాడు.

"బాబూ, గోడలోంచి పాలనీళ్లు వస్తన్నాయి. మొన్నంతా మామూలు నీళ్లే."

"ఎప్పట్నుంచి తాతా?"

"రాత్రి పట్టి ఉంచాను, సూడండి."

టీ తాగే స్టీలు గ్లాసు చూపించాడు. పైన తేట నీళ్లు, అడుగున వేలి మందాన తెల్లమట్టి పేరుకుని ఉంది. వేలితో ముట్టుకుంటే మైదాపిండి తడిపినట్టు జారింది. నీళ్లు ఊరడం వేరు, నీళ్లతోపాటు మట్టి రావడం వేరు. పొర తనను తాను ఖాళీ చేసుకుంటోంది.

కంటైనర్ ఆఫీసుకు వెళ్లి షీటు పక్కన పెట్టి కాగితం మీద లెక్క వేశాను. పాత టార్గెట్ చివరి రీడింగు 24. టార్గెట్ లేని 12 గంటలకు రోజుకు 4 చొప్పున ఇంకో 2. అంటే కొత్తది మొదలయ్యేటప్పటికి 26. దాని మీద ఇవాళ్టి 2.5. మొదట్లో పోగొట్టుకున్న 9.

```
total = lost + carry + (reading - zero)
37.5  = 9    + 26    + 2.5
```

12 గంటల్లో 2.5 అంటే రోజుకు 5. ఇంకో 12 గంటల్లో 40కి చేరుతుంది. అంకె ఎరుపుకు ఇంకా రాలేదు. కానీ నారింజ దాటి రోజున్నర పైనే అయింది, నారింజకు చేయాల్సిన పని ఒక్కటీ సరిగా చేయలేదు. వేగం పెరుగుతోంది, మట్టి వస్తోంది. 40 దాకా ఆగి చూడడానికి ఒక్క కారణం కూడా కనిపించలేదు. ప్రాజెక్టు మేనేజరుకు ఫోను కలుపుతూనే ముందు షిఫ్టు ఇంజినీరుతో మనుషుల్ని బయటికి తెప్పించాను. మేనేజరు ఫోనులో అడిగిన మొదటి మాట "షీటులో ఎంతుంది?" 2.5 అన్నాను. నిజం 37.5 అని నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలకు బాధ్యత నా ఫార్ములాదే.

పనిచేసినవి, పనిచేసిన వరుస

మనుషులు బయటికొచ్చాక ఏది ముందు అన్న ప్రశ్న. ముందు పొడవు బోల్టులు వేయాలని ఒకరు, సొరంగం నేలను బిగించే తాత్కాలిక ఇన్వర్ట్ వేయాలని ఒకరు. రెండూ కావాల్సినవే. కానీ రెండింటికీ మనుషులు ఆ షోల్డర్ కిందే గంటల తరబడి నిలబడాలి. కదలికను నడిపిస్తున్నది నీరు అయితే, నీటిని దూరం నుంచి తీయగలిగితే, మిగతా రెండింటికీ సమయం దొరుకుతుంది. కాబట్టి డ్రెయిన్ రంధ్రాలు ముందు.

27వ సెక్షన్ దగ్గర గట్టి సపోర్టు కింద, కుడిపక్కకు డ్రిల్లు జంబో నిలబెట్టి, ఎడమ పైకి ఏటవాలుగా 12 మీటర్ల రంధ్రాలు ఆరు వేశాం. లోపల చిల్లులు పెట్టిన పీవీసీ పైపు, మట్టి కొట్టుకుపోకుండా బయట గుడ్డ చుట్టి. ఆ గుడ్డ లేకపోతే మనమే పొరను ఖాళీ చేసినవాళ్లం అవుతాం. మొదటి రెండూ పొడి. మూడోది దించుతుండగానే రాడ్ చుట్టూ పాలనీళ్లు చిమ్మాయి, ఆపరేటరు క్యాబిన్ అద్దం తెల్లబడింది. నాలుగు, ఐదు ఓ మోస్తరుగా ఇచ్చాయి. ఆరోది చుక్క. అలాంటి పొరలో నీరు అన్నిచోట్లా ఉండదు, కాలువలా ఒకచోట పోతుంది. రెండు రంధ్రాలు పొడిగా వచ్చాయని ఆపేసి ఉంటే డ్రెయిన్లు పనిచేయవు అని రాసుకుని ఉండేవాళ్లం.

సాయంత్రానికి మూడోదాని నీరు తేటపడింది. మర్నాటికి కదలిక రోజుకు 2.5. మొత్తం సరిగ్గా 40, ఎరుపు గీత మీద. అంకె ఎరుపు, వేగం తగ్గుముఖం. నాలుగు గంటల తేడాతో తీసిన మూడు వరుస రీడింగుల్లో వేగం తగ్గిందని చూశాకే మనుషుల్ని షోల్డర్ కిందికి పంపాం. ఎడమ షోల్డర్ నుంచి దాదాపు అడ్డంగా 9 మీటర్ల సెల్ఫ్‌డ్రిల్లింగ్ బోల్టులు. పొరను దాటి అయిదు మీటర్ల పైన పట్టు. ఆ తర్వాత హెడింగ్ నేల మీద 15 మీటర్ల పొడవున మెష్‌తో 200 మిల్లీమీటర్ల షాట్‌క్రీట్ ఇన్వర్ట్. ఎడమ గోడ పాదం లోపలికి జరగకుండా అది కుడి గోడకు ఆనిస్తుంది. 26వ రోజుకు 44 దగ్గర నిలిచింది, రోజుకు అరమిల్లీమీటరు కన్నా తక్కువ. తవ్వేటప్పుడు కదలిక కోసం వదిలిన జాగా 50 మిల్లీమీటర్లు కాబట్టి ఫైనల్ లైనింగ్ మందం తగ్గలేదు. డిజైనర్ లెక్క మళ్లీ వేసి ఒప్పుకున్నారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. 44 మిల్లీమీటర్లంటే 6 మీటర్ల వ్యాసార్ధంలో 0.7 శాతం. 1 శాతం లోపు అయితే పెద్ద ఇబ్బంది ఉండదని సొరంగాల వాళ్లం వాడే మోటు లెక్క ఒకటుంది. అది చుట్టూ రాయి నలిగి సొరంగాన్ని నొక్కేచోట పనికొస్తుంది. ఒక పొర మీద ఒక పలక జారేచోట పనికిరాదు. పలక 10 మిల్లీమీటర్లకే ఊడిపోవచ్చు, 60కి కూడా నిలవచ్చు. అక్కడ మొత్తం అంకె కన్నా వేగం, దిశ ఎక్కువ చెబుతాయి.

కొత్త షీటు

మార్చిన షీటులో అంకెలు అవే, 20, 30, 40. మారినవి వాటి చుట్టూ ఉన్నవి. ప్రతి సెక్షన్‌కు జీరో తీసినప్పుడు ఫేస్ ఎంత దూరంలో ఉందో ఒక గడి. ఒక రౌండు దాటితే పక్క సెక్షన్ నుంచి పోయిన కదలికను లెక్కకట్టి కలిపేదాకా రంగు పడదు, గడి బూడిదరంగులో ఉంటుంది. బూడిదను పసుపుగానే చూడాలి. టార్గెట్ మారిస్తే పాత మొత్తం కొత్తదాని నెత్తిన ఎక్కుతుంది, జీరో చేసే వీలు సర్వేయరుకు లేదు.

పసుపు 20కి పడుతుంది. ఫేస్ ఆగి ఉండగా వరుసగా రెండు రోజులు రోజుకు 1 మిల్లీమీటరు మించినా పడుతుంది. ఒక్క రోజు అని ఎందుకు పెట్టలేదంటే మా కొలత తేడాయే 1 మిల్లీమీటరు, రోజూ దొంగ పసుపులు వస్తే మూడో వారం నుంచి ఎవరూ పట్టించుకోరు. పసుపు పడితే రెండు గంటల్లో స్టేషన్ వేరేచోట పెట్టి మళ్లీ కొలవాలి. నిజమైతే జియాలజిస్టుకు ఫోను చేసి మాట్లాడాలి, మెసేజ్ చాలదు. ఆయన ఫేస్ మ్యాప్, మా కదలిక దిశ ఒకే కాగితం మీద గీయాలి. రీడింగు 8 గంటలకోసారి. పని నడుస్తుంది.

నారింజ 30కి. లేదా వరుసగా మూడు రీడింగుల్లో వేగం పెరిగినా, దిశ తిరిగినా, నీటిలో మట్టి వచ్చినా. చేతిలో ఉన్న రౌండుకు సపోర్టు పూర్తి చేయాలి, ఎందుకంటే బోడిగా వదిలేసిన ఫేస్ ఇంకో ప్రమాదం. ఆ తర్వాత కొత్త పేలుడు లేదు. కదిలే సెక్షన్‌కు ముందున్న పనులకు మనుషులు వెళ్లకూడదు. డ్రెయిన్ రంధ్రాలు అదే షిఫ్టులో. కారుతున్నచోట మూత వేసే షాట్‌క్రీట్ డ్రెయిన్లు వేయకముందు నిషేధం. రీడింగు 4 గంటలకోసారి. డిజైనర్ జవాబు 24 గంటల్లో రావాలి.

ఎరుపు 40కి, లేదా రోజుకు 5 మిల్లీమీటర్లకు, ఏది ముందొస్తే అది. దీనికి మీటింగు లేదు. షిఫ్టు ఇంజినీరు ఎవరినీ అడగకుండా సొరంగం ఖాళీ చేయిస్తాడు, తర్వాత ఫోను చేస్తాడు. పొరపాటున ఖాళీ చేయించినా అతని మీద చర్య ఉండదని షీటు మీదే రాసి ప్రాజెక్టు మేనేజరు సంతకం పెట్టారు. ఆ ఒక్క వాక్యం కోసం వారం వాదించాల్సి వచ్చింది. తిరిగి లోపలికి పోవాలంటే 4 గంటల తేడాతో మూడు రీడింగుల్లో వేగం తగ్గాలి, కాగితం మీద ముగ్గురి సంతకాలు ఉండాలి.

ఈ షీటుకు ఒక లోపం ఉంది. మట్టినీళ్లు చూసేది టోటల్ స్టేషన్ కాదు, మనిషి. పంపు దగ్గర షిఫ్టుకు రెండుసార్లు గ్లాసుతో నీళ్లు పట్టి, పేరుకున్న మట్టి చూసి, రిజిస్టరులో "తేట" లేదా "పాలు" అని రాయమన్నాం. మొదటి నెల శ్రద్ధగా రాశారు. వేసవిలో నీళ్లు ఎండాక రాయడం మానేశారు. మళ్లీ జూన్లో ఆ పెద్దాయనే ఆ గ్లాసు తెచ్చి పంపు పక్కన మేకుకు తగిలించాడు. ఇప్పుడు సొరంగంలో బండ్లు తిరుగుతున్నాయి. లైనింగ్ వెనక నుంచి మురుగు కాలువలోకి వచ్చే పైపుల్లో, పోయిన వానల్లో నేను వెళ్లి చూసినప్పుడు, మూడో రంధ్రానిది ఒక్కటే ధారగా పడుతోంది. పట్టి చూశాను, తేటగానే ఉంది.